ఇసుక, నీరు, నల్లసిరా: ఒకే బీకరు నుంచి మూడు ప్రయోగాలు

మిశ్రమంలో కలిసిన పదార్థాలు ఒకదానితో ఒకటి రసాయనికంగా కలవవు. కాబట్టి దేని గుణం దానికే మిగిలి ఉంటుంది. ఇసుక రేణువు పరిమాణం నీళ్లలో పడ్డాక మారదు. సిరా రంగు కరిగాక కూడా రంగుగానే ఉంటుంది. వేరుచేసే పద్ధతులన్నీ ఈ గుణాల్లోని తేడాలను పట్టుకుని పనిచేస్తాయి. వడపోత రేణువుల పరిమాణంలోని తేడాను వాడుకుంటుంది. స్వేదనం మరిగే స్వభావంలోని తేడాను వాడుకుంటుంది. ఒక పదార్థాన్ని కాగితం ఎంత గట్టిగా పట్టి ఉంచుతుంది, ద్రావణి ఎంత బలంగా లాక్కుపోతుంది అన్న తేడా క్రొమటోగ్రఫీకి ఆధారం.

తొమ్మిదో తరగతిలో ఈ పద్ధతుల మీద వచ్చే ప్రయోగ ప్రశ్నలు నిర్వచనం చెప్పమని అడగడంతో ఆగవు. ఒక అమరికను చూపించి అందులో తప్పెక్కడుందో అడుగుతాయి. ఒక పరిశీలన ఇచ్చి, అలా ఎందుకు జరిగిందో చెప్పమంటాయి. అలాంటి ప్రశ్నలను విడివిడిగా బట్టీపట్టడం కంటే ఒకే మిశ్రమాన్ని మొదటి నుంచి చివరి దాకా వేరుచేస్తూ పోవడం మేలు. ప్రయోగంలో ఏ మెట్టు దగ్గర ఏ ప్రశ్న పుడుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ తీసుకున్న మిశ్రమం సాదాసీదాది. ఒక బీకరులో 100 మిల్లీలీటర్ల నీళ్లు, అందులో ముందే కడిగి ఆరబెట్టిన ఇసుక 10 గ్రాములు, నల్ల స్కెచ్ పెన్ను సిరా ఉన్నాయి. పెన్ను వెనక మూత తీస్తే లోపల సిరా పీల్చుకున్న దూది కడ్డీ ఉంటుంది. దాన్ని నీళ్లలో నానబెడితే చాలినంత రంగు దిగుతుంది. నానబెట్టే ముందు అదే పెన్నుతో ఒక కాగితం మీద నాలుగైదు చుక్కలు పెట్టి దాచుకోవాలి. చివరి ప్రయోగంలో వాటితో పని పడుతుంది. చేయాల్సింది మూడు పనులు: ఇసుకను తీయడం, రంగు లేని నీటిని తిరిగి రాబట్టడం, నల్లసిరాలో ఏయే రంగులున్నాయో చూడడం.

మొదటి పని వడపోత. గుండ్రటి వడపోత కాగితాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడవాలి. ఒక పొరను ఒకవైపు, మిగతా మూడు పొరలను రెండోవైపు ఉంచి తెరిస్తే శంకువు ఆకారం వస్తుంది. దాన్ని గరాటులో కూర్చి, కొద్దిగా నీళ్లతో తడిపి, గాజుకు అంటుకునేలా వేలితో నొక్కాలి. ఈ తడపడం ఎందుకని మౌఖిక పరీక్షలో తరచుగా అడుగుతారు. కాగితానికీ గాజుకూ మధ్య గాలి చిక్కుకుంటే ద్రవం నెమ్మదిగా దిగుతుంది. తడిపిన కాగితం కదలకుండా నిలుస్తుంది, గరాటు కాడ ద్రవంతో నిండి కిందికి లాగుతుంది, పని త్వరగా సాగుతుంది.

బీకరును వెంటనే కుమ్మరించకూడదు. కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచితే ఇసుక అడుక్కి చేరుతుంది. ముందుగా పైనున్న నల్లటి ద్రవాన్ని గాజు కడ్డీ వెంబడి, కాగితం మూడు పొరలున్న వైపు జారేలా పోయాలి. ఇసుకను చివర్లో వేయాలి. మొదటే ఇసుకంతా కాగితం మీద పడితే అది రంధ్రాలను మూసేసి ద్రవాన్ని దిగనివ్వదు. కాగితంలో ద్రవం మట్టం ఎప్పుడూ కాగితం అంచుకు ఒక సెంటీమీటరు కిందే ఉండాలి. అంచు దాటితే కాగితానికీ గరాటుకూ నడుమ నుంచి ఇసుక జారి కిందికి వెళ్లిపోతుంది. కింది బీకరు గోడకు గరాటు కాడ కొన తగిలి ఉంటే ద్రవం చిమ్మకుండా గోడ వెంట జారుతుంది. అమరిక బొమ్మలో తప్పు పట్టమన్నప్పుడు చూడాల్సినవి ఈ మూడే: గాజు కడ్డీ ఉందా, ద్రవం అంచు దాటిందా, కాడ గోడకు తగిలిందా.

వడపోత ముగిశాక కాగితం మీద ఇసుక మిగులుతుంది, కింది బీకరులోకి నల్లటి ద్రవం దిగుతుంది. ఇక్కడే చాలామంది తడబడే ప్రశ్న ఉంది: వడకట్టినా నీళ్లు నల్లగానే ఎందుకున్నాయి? వడపోత విఫలమైందని రాస్తే తప్పు. ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపించే వాట్‌మన్ నంబర్ 1 రకం కాగితం సుమారు 11 మైక్రోమీటర్ల కంటే పెద్ద రేణువులను ఆపుతుంది. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇసుక రేణువు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది, అందుకే ఆగిపోతుంది. సిరా రంగు మాత్రం నీళ్లలో కరిగి, విడివిడి అణువులుగానో అయాన్లుగానో ఉంది. వాటి పరిమాణం ఒకటి రెండు నానోమీటర్లే. వాటికి ఆ కాగితపు రంధ్రం తెరిచిన సింహద్వారంతో సమానం. కరిగినదాన్ని వడపోత ఆపలేదు. జవాబులో ఉండాల్సింది ఈ ఒక్క మాట.

ఒక ఉపప్రశ్న కూడా ఉంటుంది. ఇసుకను ముందుగా కడగకుండా వాడితే వడకట్టిన ద్రవం మసకగా వస్తుంది. ఇసుకతో వచ్చిన బంకమట్టి రేణువుల్లో చాలావరకు రెండు మైక్రోమీటర్ల కంటే చిన్నవి కావడంతో కాగితం గుండా వెళ్లిపోతాయి. అయితే మసకగా వచ్చిన ప్రతిసారీ కారణం మట్టే కాకపోవచ్చు, కాగితం చిరిగి ఉండవచ్చు. రెండింటినీ గుర్తుపట్టడం తేలిక. చిరిగితే బీకరు అడుగున ఇసుక రేణువులు కనిపిస్తాయి, వేలికి గరుకుగా తగులుతాయి. మట్టి అయితే అడుగున ఏమీ కనిపించదు. రంగు లేని మట్టినీటితో విడిగా చేసి చూసినప్పుడు దాని గుండా టార్చి వెలుగు పంపితే కాంతి దారి స్పష్టంగా కనబడుతుంది. అలాంటి నీటికి ముందుగా పటిక కలిపితే సన్న రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పెద్ద ముద్దలవుతాయి. అప్పుడు అవి అడుక్కి దిగుతాయి, మిగిలినవాటిని కాగితం ఆపుతుంది.

కాగితం మీది ఇసుక ఇంకా నల్లగానే కనిపిస్తుంది. రేణువుల సందుల్లో చిక్కుకున్న సిరానీళ్లే దానికి కారణం. కడగాలి. ఎంత నీటితో, ఎలా కడగాలన్నది లెక్కతో తేలే విషయం. తడి ఇసుకలో 3 మిల్లీలీటర్ల సిరానీళ్లు నిలిచాయనుకుందాం. దాని మీద ఒకేసారి 20 మిల్లీలీటర్ల మంచినీళ్లు పోస్తే మొత్తం 23 మిల్లీలీటర్లవుతుంది. 20 కిందికి దిగుతాయి, 3 మిగులుతాయి. అంటే ఇసుకలో మొదట ఉన్న సిరాలో ఇరవైమూడింట మూడు వంతులు, సుమారు 13 శాతం, ఇంకా అక్కడే ఉంటుంది. అవే 20 మిల్లీలీటర్లను రెండు విడతలుగా, పదేసి చొప్పున పోస్తే? మొదటి విడతకు పదమూడింట మూడు వంతులు మిగులుతుంది. రెండో విడతలో ఆ మిగిలినదాంట్లో మళ్లీ పదమూడింట మూడు వంతులే మిగులుతుంది. గుణిస్తే సుమారు 5 శాతం. వాడిన నీళ్లు అవే, ఫలితం రెండున్నర రెట్లు మెరుగు. ఈ లెక్కలో కొత్త నీరు పాతదానితో పూర్తిగా కలిసిందని అనుకున్నాం. నిజంగా అంత కచ్చితంగా జరగకపోయినా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు కడగడమే మంచిదన్నది మారదు. కడిగిన నీళ్లను పారబోయకుండా వడకట్టిన ద్రవంలోనే చేర్చాలి, అందులో ఉన్నది కూడా మన సిరానే. ఇసుకను ఆరబెట్టి తూచితే 10 గ్రాములకు దగ్గరగా రావాలి. ఎక్కువ వస్తే ఇసుక ఇంకా ఆరలేదన్నమాట. తక్కువ వస్తే కొంత బీకరు గోడలకు అంటుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది సుమారు 117 మిల్లీలీటర్ల నల్లటి ద్రవం. మొదటి 100, కడిగిన 20, ఇసుకలో నిలిచిపోయిన 3 పోగా వచ్చిన లెక్క ఇది. ఇందులోంచి నీటిని వేరుచేయాలి. పింగాణీ గిన్నెలో పోసి వేడిచేస్తే నీరు ఆవిరై రంగు మిగులుతుంది. కానీ నీరు గాలిలో కలిసిపోతుంది. ఆవిరిచేయడానికీ స్వేదనానికీ తేడా ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ద్రావితం మాత్రమే కావాలంటే ఆవిరిచేయడం సరిపోతుంది. ద్రావణి కూడా కావాలంటే ఆ ఆవిరిని పట్టుకుని చల్లబరచాలి. అదే స్వేదనం.

ద్రవాన్ని 250 మిల్లీలీటర్ల స్వేదన కుప్పెలో పోస్తే అది సగం కంటే తక్కువే నిండుతుంది. అలాగే ఉండాలి. మరిగేటప్పుడు ద్రవం పైకి పొంగడానికి చోటు కావాలి. లోపల నాలుగైదు పగిలిన పింగాణీ ముక్కలు వేయాలి. వాటి గరుకు ఉపరితలంలోని సన్నటి సందుల్లో ఉండే గాలి, చిన్నచిన్న బుడగలు పుట్టడానికి చోటిస్తుంది. ఆ ముక్కలు లేకపోతే ద్రవం మరిగే ఉష్ణోగ్రత దాటి వేడెక్కి, ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. ఆ ఊపులో సిరా చుక్కలు పక్క గొట్టంలోకి దూకుతాయి. స్వేదిత జలం లేత రంగుతో వచ్చింది, కారణం ఏమిటని ప్రశ్న వస్తే మొదట అనుమానించాల్సినవి మూడు: కుప్పె ఎక్కువ నిండింది, ముక్కలు వేయలేదు, మంట మరీ ఎక్కువైంది. రంగు కూడా ఆవిరైందని రాయకూడదు. సిరాలోని రంగు పదార్థాలు నీరు మరిగే వేడికి ఆవిరి కావు, ఈ పద్ధతికి ఆధారమే అది. ముక్కలు వేయడం మరిచిపోతే మరుగుతున్న ద్రవంలో వాటిని వేయడం ప్రమాదం. వేసిన మరుక్షణం ద్రవం పొంగి బయటికి చిమ్ముతుంది. మంట తీసి, ద్రవం చల్లారాకే వేయాలి.

ఉష్ణమాపకం బల్బు ఎక్కడుండాలన్నది బొమ్మ ప్రశ్నల్లో దాదాపు తప్పకుండా వచ్చేది. బల్బు పక్క గొట్టం మొదలుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. తెలుసుకోవలసింది కండెన్సరులోకి వెళ్తున్న ఆవిరి ఉష్ణోగ్రత. బల్బు ద్రవంలో మునిగితే ద్రావణం ఉష్ణోగ్రత చూపిస్తుంది. పక్క గొట్టం కంటే బాగా పైన ఉంటే ఆవిరి అక్కడిదాకా చేరదు, చూపేది అసలు కంటే తక్కువవుతుంది.

కండెన్సరు బయటి గొట్టంలోకి చల్లటి నీళ్లు కింది నుంచి ప్రవేశించి పై నుంచి బయటికి పోవాలి. తలకిందులుగా కలిపితే నీళ్లు జారి కిందికి పోతాయే తప్ప గొట్టం పూర్తిగా నిండదు, చల్లబడడం సగంలో ఆగిపోతుంది. పైగా కింది నుంచి వస్తే, ఆవిరి బయటపడే చివర దగ్గర నీరు అన్నిటికంటే చల్లగా ఉంటుంది. అప్పటికీ ద్రవంగా మారని ఆవిరి ఏమైనా ఉంటే అక్కడ చల్లబడి తీరుతుంది. నీటిని సేకరించే పాత్రను బిరడాతో బిగించకూడదు. అంతా మూసుకున్న అమరికను వేడిచేస్తే లోపలి పీడనం పెరిగి గాజు పగులుతుంది.

వేడి మొదలైనప్పుడు ఉష్ణమాపకం చాలాసేపు కదలదు. ఆవిరి బల్బును చేరగానే ఒక్కసారిగా పైకి లేచి, ఒకచోట నిలిచిపోతుంది. మంట ఆగలేదు, వేడి అందుతూనే ఉంది, అయినా ఉష్ణోగ్రత పెరగదు. ఆ వేడి ద్రవాన్ని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది, దాన్నే గుప్తోష్ణం అంటారు. ఆ నిలిచిన చోటు ఎంత? పుస్తకం 100 డిగ్రీల సెల్సియస్ అంటుంది. విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్లలో చేస్తే దానికి దగ్గరగానే వస్తుంది. హైదరాబాదులో చేస్తే 98 దగ్గరే ఆగుతుంది. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం తక్కువ, అందుకే నీరు కొంచెం తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది. హైదరాబాదు విద్యార్థి తన పరిశీలన పట్టికలో 98 అని రాస్తే అది తప్పు కాదు. కొట్టేసి 100 అని దిద్దడమే తప్పు. చూసింది రాసి, పీడనం కారణమని పక్కన చేర్చిన జవాబుకే విలువ ఎక్కువ.

చుక్కలు సెకనుకు ఒకటి రెండు చొప్పున పడేలా మంటను సరిచేసుకోవాలి. మొదట పడిన నాలుగైదు మిల్లీలీటర్లు గొట్టాన్ని కడిగి వస్తాయి కాబట్టి వాటిని విడిగా ఉంచడం మంచిది. కుప్పెలో ఇరవై మిల్లీలీటర్లు మిగలగానే మంట తీసేయాలి. చివరి చుక్కదాకా మరిగిస్తే రంగు గాజుకు అంటి మాడిపోతుంది, ఎండిన కుప్పె పగలవచ్చు. పైగా మూడో ప్రయోగానికి కావలసిన సిరా కూడా పాడవుతుంది. ఈ విధంగా దాదాపు 95 మిల్లీలీటర్ల నిర్మలమైన నీరు వస్తుంది. రంగు లేకపోయినంత మాత్రాన శుద్ధమని తేల్చకూడదు. ఉప్పునీరు కూడా నిర్మలంగానే కనిపిస్తుంది. నాలుగు చుక్కలను వాచ్ గ్లాస్ మీద ఆవిరిచేసి, తెల్లటి మచ్చ ఏమీ మిగలలేదని చూశాకే, కరిగిన ఘనపదార్థాలు లేవని రాయాలి.

ఇదే అమరికతో అసిటోను, నీరు వేరుచేసే ప్రశ్న పుస్తకాల్లో ఉంటుంది. అసిటోను 56 డిగ్రీలకు, నీరు 100 డిగ్రీలకు మరుగుతాయి. తేడా 44 డిగ్రీలు కాబట్టి సాధారణ స్వేదనం చాలంటారు. తేడా 25 డిగ్రీల కంటే తక్కువైతే అంశిక స్వేదనం కావాలన్నది పాఠ్యపుస్తకం ఇచ్చే హద్దు. ఆ హద్దు ఒక అంచనా మాత్రమే. రెండు ద్రవాలూ ఆవిరయ్యేవే అయినప్పుడు ముందుగా వచ్చే ఆవిరిలో అసిటోను ఎక్కువ ఉంటుందే కానీ అదొక్కటే ఉండదు. సిరా, నీటి మిశ్రమంలో ఆ చిక్కు లేదు, ఆవిరయ్యేది ఒక్కటే. అసిటోనుతో ఇంకొక జాగ్రత్త ఉంది. దాని ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి నేరుగా మంట పెట్టకుండా వేడినీళ్ల తొట్టిలో కుప్పెను ఉంచి చేయాలి.

కుప్పెలో మిగిలిన ఇరవై మిల్లీలీటర్ల చిక్కటి నల్లటి ద్రవం ఒకే రంగా, కొన్ని రంగుల కలయికా? వడపోత గానీ స్వేదనం గానీ దీన్ని తేల్చలేవు. రంగులన్నీ కరిగే ఉన్నాయి, ఏదీ ఆవిరి కాదు. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్‌కు ఎదురైన సమస్య కూడా ఇలాంటిదే, ఆయన చేతిలో ఉన్నవి ఆకుల్లోని రంగులు. సుద్దపొడి నింపిన గాజు గొట్టం గుండా ఆకుల సారాన్ని పంపితే పచ్చ, పసుపు రంగుల పట్టీలు విడివిడిగా ఏర్పడ్డాయి. ఆ పనిని 1903లో వార్సాలో వివరించి, 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు. గొట్టం బదులు వడపోత కాగితం వాడే పద్ధతి బ్రిటన్‌లో 1944లో వచ్చింది. దానికి దారి వేసిన ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్‌లకు 1952లో నోబెల్ బహుమతి దక్కింది. తొమ్మిదో తరగతి ప్రయోగశాలలో చేసేది ఈ కాగితం పద్ధతినే.

సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న వడపోత కాగితం పట్టీ తీసుకుని, కింది అంచు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తున పెన్సిలుతో అడ్డగీత గీయాలి. పెన్నుతో గీస్తే ఆ గీత సిరా కూడా కరిగి పైకి పాకుతుంది, ఏ రంగు ఎక్కడిదో తెలియదు. పెన్సిలు గీతలోని గ్రాఫైటు కరగదు. గీత మీద ఎడమ పక్క కుప్పెలోని ద్రవాన్ని సన్నటి కేశనాళికతో చుక్క పెట్టాలి. చుక్క రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. ఆ ద్రవం పెన్నులోని సిరా కంటే పలచనే కాబట్టి, ఆరనిచ్చి అదే చోట ఎనిమిది పది సార్లు పెట్టాలి. ఆరకముందే పెడితే చుక్క వెడల్పవుతుంది, పైకి పాకాక రంగులు ఒకదానిలోకి ఒకటి అలుక్కుపోతాయి. కుడి పక్క, పెన్నుతో ముందే పెట్టి దాచుకున్న చుక్కల నుంచి ఒకదాన్ని ఒక నీటి బొట్టుతో కరిగించి పెట్టాలి.

గాజు జాడీలో ఒక సెంటీమీటరు ఎత్తుకు నీళ్లు పోసి పట్టీని వేలాడదీయాలి. పట్టీ కింది అంచు మునగాలి, చుక్కలు మునగకూడదు. మునిగితే సిరా కాగితం ఎక్కకుండా జాడీలోకే దిగిపోతుంది, పట్టీ తెల్లగా మిగులుతుంది, జాడీలో నీళ్లకు రంగు పడుతుంది. పట్టీ జాడీ గోడకు తగలకూడదు, లేకపోతే ఆ పక్క నీరు వేగంగా ఎగబాకి రంగులు వంకరగా వెళతాయి. జాడీకి మూత పెట్టాలి. లోపలి గాలి ఆవిరితో నిండి ఉంటే పట్టీ మీది నీరు దారిలో ఆరిపోదు.

నీరు కాగితంలోని సన్నటి దారుల గుండా ఎక్కుతూ చుక్కను దాటగానే నలుపు విడిపోవడం మొదలవుతుంది. నల్ల సిరాల్లో సాధారణంగా నీలం, ఎరుపు, పసుపు ఛాయలు బయటపడతాయి. ఏవి వస్తాయి, ఏ వరుసలో వస్తాయి అన్నది సిరా తయారీని బట్టి మారుతుంది. నీలం అన్నిటికంటే పైకి ఎందుకు వెళ్లిందని అడిగితే, అది నీళ్లలో ఎక్కువ కరుగుతుంది కాబట్టి అని పుస్తకాల్లో ఉండే జవాబు. మార్కులు వస్తాయి కానీ అది సగం జవాబే. కాగితం సెల్యులోజుతో తయారైంది. అది ఒక్కో రంగును ఒక్కో బలంతో తనకు అంటించుకుంటుంది. నీరు ముందుకు లాగుతుంది, కాగితం వెనక్కి పట్టుకుంటుంది. నీటి లాగుడు గెలిచిన రంగు పైకి పోతుంది, కాగితం పట్టు గెలిచింది కింద ఉండిపోతుంది. ఈ రెండో సగం లేకపోతే ఒక ప్రశ్నకు జవాబు దొరకదు: బాగా కరిగే రెండు రంగులు సైతం వేరువేరు ఎత్తుల్లో ఎందుకు నిలుస్తాయి?

నీరు పట్టీ పై అంచుకు చేరకముందే బయటికి తీసి, నీరు చేరిన చోటును వెంటనే పెన్సిలుతో గుర్తించాలి. ఆరాక ఆ అంచు కనిపించదు. ఇక కొలతలు. ఒక పట్టీ మీద నీటి అంచు పెన్సిలు గీత నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తుకు చేరిందనుకుందాం. నీలం మచ్చ మధ్యభాగం 8 సెంటీమీటర్ల దగ్గర, ఎరుపు 6 దగ్గర, పసుపు 3 దగ్గర ఆగాయి. రంగు వెళ్లిన దూరాన్ని ద్రావణి వెళ్లిన దూరంతో భాగిస్తే వచ్చేది ఆర్ఎఫ్ విలువ. నీలానికి 0.8, ఎరుపుకు 0.6, పసుపుకు 0.3. దూరాన్ని దూరంతో భాగించాం కాబట్టి దీనికి ప్రమాణం ఉండదు. ద్రావణిని దాటి ఏ రంగూ వెళ్లలేదు కాబట్టి ఒకటి కంటే ఎక్కువ రాదు. ఎక్కువ వచ్చిందంటే భాగహారం తిరగేసి చేశారని గానీ, ద్రావణి అంచును తప్పుగా గుర్తించారని గానీ అర్థం.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు దూరాన్ని పెన్సిలు గీత నుంచి కాక పట్టీ కింది అంచు నుంచి కొలవడం. ప్రతి కొలతకూ 2 సెంటీమీటర్లు చేరుతాయి. ఎరుపు 8, ద్రావణి 12 అవుతాయి. 0.6 బదులు 0.67 వస్తుంది. ఆ సంఖ్య నమ్మదగినట్టే కనిపించడంతో పొరపాటు బయటపడదు. ఎరుపు, నీలాల కంటే పసుపు విలువ ఎక్కువ మారుతుంది: 0.3 ఉండాల్సింది 0.42 అవుతుంది. మచ్చ ఎంత కింద ఉంటే తప్పు అంత పెద్దది. అసలు కదలని రంగుకు సున్నా రావాల్సి ఉండగా 0.17 వస్తుంది. కదలని దానికి సున్నా రాలేదంటే కొలత ఎక్కడి నుంచి మొదలైందో చూసుకోవాలి.

ఇక పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలు. ఎడమవైపు కుప్పెలోని ద్రవం, కుడివైపు అసలు పెన్ను సిరా. రెండూ ఒకే రంగులుగా, ఒకే ఎత్తుల్లో విడిపోతే, వడపోతలో గానీ మరిగించడంలో గానీ రంగులకు గమనించదగ్గ మార్పు రాలేదని చెప్పవచ్చు. ఎడమవైపు ఒక రంగు లేకపోతే దానికి రెండు కారణాలు ఉండవచ్చు: వేడికి అది పాడైంది, లేదా కంటికి కనిపించనంత పలచగా ఉంది. ఇంకొన్నిసార్లు చుక్క పెట్టి మళ్లీ చేస్తే కారణం ఏదో తేలుతుంది. ఆర్ఎఫ్ విలువను వేరే పుస్తకంలో చూసి పోల్చడం కంటే ఒకే పట్టీ మీద పోల్చడం నమ్మదగినది. కాగితం రకం, ద్రావణి, ఉష్ణోగ్రత మారితే ఆ విలువ మారిపోతుంది.

చుక్క అసలు కదలలేదన్న పరిశీలన ఇచ్చి కారణం అడిగే ప్రశ్న కూడా ఉంది. బాల్ పెన్ను సిరా, చెరగని మార్కరు సిరా నీళ్లలో కరగవు. అలాంటప్పుడు నీటి బదులు స్పిరిట్ వాడి చూడాలి. అప్పుడూ కదలకపోతే ఆ నలుపు కరగని కార్బన్ రేణువులది కావచ్చు. దానికి ఈ పద్ధతి పనిచేయదు. ఒకే మచ్చ వస్తే అందులో ఒకే పదార్థం ఉందని వెంటనే రాయకూడదు. రెండు పదార్థాలకు ఆ ద్రావణిలో ఒకే ఆర్ఎఫ్ విలువ ఉండవచ్చు. ద్రావణిని మార్చి చేసినా ఒకే మచ్చ వస్తే అప్పుడు నమ్మకం పెరుగుతుంది.

ఈ మూడు పద్ధతుల క్రమాన్ని మారిస్తే ఏమవుతుందన్నది చివరి ప్రశ్న. వడపోత లేకుండా స్వేదనం చేసినా శుద్ధమైన నీరు రావడానికి అడ్డేమీ లేదు, ఇసుక ఆవిరి కాదు. అయితే కుప్పెలో ఇసుకా సిరా కలిసే మిగులుతాయి. అడుగున పేరుకున్న ఇసుక కింద నీరు అతిగా వేడెక్కి ద్రవం ఎగిసిపడుతుంది, రంగు ఇసుకకు పట్టి మాడుతుంది. క్రొమటోగ్రఫీ ముందు చేస్తే వంద మిల్లీలీటర్లలో పలచబడ్డ సిరా కాగితం మీద చాలని మచ్చ ఇవ్వదు. పైగా ఒక చుక్క మాత్రమే వేరవుతుంది, బీకరులోని మిశ్రమం అలాగే ఉంటుంది. కాగితం క్రొమటోగ్రఫీ ఏమేమి ఉన్నాయో చెబుతుందే తప్ప, చేతికి అందేంత పరిమాణంలో వేరుచేసి ఇవ్వదు. స్వేదనం నీటిని తీయడంతో పాటు మిగిలిన సిరాను ఆరో వంతుకు కుదించి చిక్కబరిచింది, మూడో ప్రయోగానికి దారి దొరికింది అందువల్లే. ఇసుక తీసి, నీటిని తీసి, ఆ తర్వాత రంగులను విడదీయాలన్న వరుసకు కారణాలు ఇవి. జవాబులో వరుసతో పాటు ఈ కారణాలనూ రాయాలి.